గడప దాటిన నీరు

మియాపూర్‌లో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లినప్పుడు, పడకగదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒరే, ఒక్క నిమిషం. చెవి పెట్టి విను," అని, బాత్‌రూమ్ తలుపు ముందున్న చెక్క నేల మీద మెల్లగా పాదం మోపింది. కిర్రుమంది. పాదం ఎత్తితే మళ్లీ కిర్రుమంది. "రాత్రిళ్లు బాబాయి లేచినప్పుడల్లా ఇదే మోత. కార్పెంటర్ వచ్చి మూడు పలకలు మార్చి వెళ్లాడు. నెలన్నర కూడా కాలేదు, మళ్లీ మొదలు," అంది.

వంగి అరచేత్తో తడిమి చూశాను. రెండు పలకలు కలిసే చోటల్లా అంచులు పైకి లేచి, సన్నని గట్టులా వేలికి తగులుతున్నాయి. ఒక చోట పై పొర చిట్లి, కింద గోధుమరంగు పొట్టు బయటపడింది. గదిలో మిగతా నేలంతా అద్దంలా ఉంది. తలుపు నుంచి అడుగున్నర దూరం వరకే ఈ గోల.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో పడకగదికి చెక్క నేల వేయించుకున్న చాలా ఇళ్లలో నేల మొదట చెడేది ఈ అడుగున్నర మేరలోనే. కార్పెంటర్ వచ్చి పలక మారుస్తాడు. అది మళ్లీ ఉబ్బుతుంది. జబ్బు పలకలో లేదు కాబట్టి పలక మార్చినంత మాత్రాన నయం కాదు.

మనం చెక్క నేల అంటున్నది చాలా ఇళ్లలో నిజానికి చెక్క కాదు, లామినేట్. స్వీడన్‌లో 1977లో రూపొందిన సరుకు ఇది. చెక్కను ఆవిరిలో మెత్తబరిచి, పీచులా చేసి, జిగురు కలిపి, బాగా వేడిగా ఉన్న ప్రెస్సులో నొక్కితే గట్టి అట్ట తయారవుతుంది. దాన్నే హెచ్‌డీఎఫ్ అంటారు. దాని మీద టేకులానో ఓక్‌లానో కనిపించే బొమ్మ అచ్చేసిన కాగితం, ఆపైన గీతలు పడకుండా పారదర్శకమైన గట్టి పొర, అడుగున మరో పొర ఉంటాయి. మన ఇళ్లకు ఎక్కువగా వాడేది 8 మిల్లీమీటర్ల మందం పలక. ఒక పలక నాలుక పక్క పలక గాడిలో క్లిక్‌మని కూర్చుంటుంది. మేకు ఉండదు, నేలకు జిగురు ఉండదు. పలచని ఫోమ్ షీట్ మీద గది మొత్తం నేల ఒకే చాపలా తేలుతూ ఉంటుంది.

పలకకు పైనా కిందా నీరు దిగని పొరలున్నాయి. దిగేది అతుకుల దగ్గరే, ఎందుకంటే అక్కడ మాత్రమే హెచ్‌డీఎఫ్ బయటికి తెరుచుకుని ఉంటుంది. అందుకే పలక నడుమ బాగానే ఉండి అంచులు మాత్రం లేస్తాయి. లేచిన అంచు మీద రోజూ పాదాలు రాసుకుంటే ఆ చోట బొమ్మ కాగితం చిట్లిపోతుంది. పిన్ని ఇంట్లో కనిపించిన గోధుమరంగు పొట్టు అదే.

ఇలా ఉబ్బింది ఆరితే తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. వంటింట్లోనే దీనికి జవాబు ఉంది. అటుకులు చూడండి. గింజను దంచి నొక్కితే పలచబడింది. నీళ్లు చల్లితే ఉబ్బుతుంది. ఆ తడి అటుకుల్ని ఎంత ఎండబెట్టినా మళ్లీ మొదటిలా పలచని రేకు కాదు. హెచ్‌డీఎఫ్ పీచు కూడా అంతే. ప్రెస్సు కింద బలవంతంగా ముడుచుకున్న పీచు తడి తగిలితే విప్పుకుంటుంది, ఆరినా తిరిగి ముడుచుకోదు. ఆరాక కాస్త అణగొచ్చు, కానీ అంచు అంచుగానే మిగులుతుంది. నాణ్యమైన సరుకుకు కూడా ఇందులో మినహాయింపు లేదు. 24 గంటలు నీళ్లలో ముంచి తీసే పరీక్షలో మందం 18 శాతం వరకు పెరిగినా ఫరవాలేదని యూరప్ ప్రమాణం ఈఎన్ 13329 మామూలు ఇళ్ల తరగతులకు ఒప్పుకుంది. 8 మిల్లీమీటర్ల పలకకు అది దాదాపు మిల్లీమీటరున్నర. కాలికి తగలడానికి అందులో సగం చాలు.

అసలైన చెక్క నేల కథ వేరు. టేకు తలుపు వానాకాలంలో బిగుసుకుని వేసవిలో వదులైనట్టే, నిజమైన చెక్క పలక తడికి వంగుతుంది, ఆరితే చాలావరకు సర్దుకుంటుంది. కింద తడి ఎక్కువైతే పలక అడుగు సాగి, అంచులు పైకి లేచి, నడుమ గుంట పడుతుంది. నీటి దారి మూసి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఓపిక పడితే అది తిరిగి చదును కావచ్చు. ఆ ఓపిక లేక తడిగా ఉండగానే పాలిష్ మిషన్ పెట్టించి అంచులు అరగదీయిస్తే, ఆరాక నడుమ మిట్టగా, అంచులు పల్లంగా తయారవుతాయి. చెక్కకు చేటు చేసేది ఈ తొందరే. లామినేట్‌ను అరగదీసే మాటే లేదు. బొమ్మ పొర కాగితమంత పలచన, ఇసుక కాగితం తగిలితే రెండు నిమిషాల్లో పోతుంది.

కిర్రు చెప్పే సంగతులు

చప్పుడు వేరు, ఉబ్బు వేరు. రెండూ ఒకే చోట కనిపించినా కారణం ఒకటే కావాలని లేదు. అందుకే ముందు నేలను చదవాలి.

సుద్దముక్క తీసుకుని మెల్లగా నడవండి. చప్పుడొచ్చిన ప్రతి చోటా గుర్తు పెట్టండి. ఆ గుర్తు మీద నిలబడి శరీరం బరువు ఒక కాలి మీది నుంచి మరో కాలికి మార్చండి. పలక కిందికి దిగి మళ్లీ లేస్తోందా? అలా అయితే కింద నేల సమంగా లేదు. తేలే నేలకు రెండు మీటర్ల పొడవులో ఎత్తుపల్లాల తేడా సుమారు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. రెండు నాణేలు పేర్చినంత ఎత్తన్నమాట. పాత టైల్స్ ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్న గదిలో, ఆ పల్లాలు సరిచేయకుండా ఫోమ్ పరిచి పలకలు వేస్తే, గుంట పైనున్న పలక అడుగు పడ్డప్పుడల్లా దిగుతుంది. నాలుక గాడిలో రాసుకుంటుంది. ఆ రాపిడే కిర్రు. మెత్తగా ఉంటుందని ఫోమ్ రెండు పొరలు వేసిన చోట ఇది ఇంకా ఎక్కువ. కొందరు కార్పెంటర్లు అది మంచి పని అనుకుంటారు కానీ, మెత్తని పరుపు మీద పలకలు పరిచినట్టే, అతుకులకు విశ్రాంతి ఉండదు.

పలక దిగడం లేదు, చప్పుడు గోడ పక్కనో తలుపు చట్రం దగ్గరో వస్తోంది అంటే, నేలకు ఊపిరాడే చోటు లేదని అర్థం. గాలిలో తేమను బట్టి ఈ చాప కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అందుకని చుట్టూ గోడలకూ పలకలకూ నడుమ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆ ఖాళీని స్కర్టింగ్‌తో కప్పుతారు. నాలుగు గోడల దగ్గరా వదిలి, తలుపు చట్రం దగ్గర మాత్రం అందం కోసం పలకను చట్రానికి ఆనించి కోసేస్తారు. వానాకాలం రాగానే నేల పెరిగి చట్రాన్ని ఢీకొని, ఎటూ పోలేక పైకి లేస్తుంది. గది నడుమ రెండు పలకలు కొట్టాయి కప్పులా లేచి, చుట్టుపక్కల తడి ఏమీ లేకపోతే అది ఈ జబ్బే. ఇది ఇంట్లో బాగయ్యే జబ్బు. స్కర్టింగ్ ఊడదీసి, అడ్డుతగిలే చోట 10 మిల్లీమీటర్లు కోయిస్తే, లేచిన నేల కొద్దిరోజుల్లో తనంతట తానే దిగుతుంది.

మూడోది తడి. చప్పుడుతో పాటు అంచు లేచి ఉంటే తడిని అనుమానించాలి. ఉబ్బిన నాలుక గాడిలో బిగుసుకుని, బరువు పడ్డప్పుడు మూలుగుతుంది. తడి ఎటునుంచి వస్తోందో కూడా నేల చెబుతుంది. గడప ముందు అర్ధవృత్తంలా ఉబ్బితే నీళ్లు పైనుంచి పడుతున్నాయి. తలుపుతో సంబంధం లేకుండా బాత్‌రూమ్ గోడ పొడవునా ఉబ్బి, స్కర్టింగ్ పైన గోడకు ఉప్పు తేలి రంగు పొరలు ఊడుతుంటే గోడలోని పైపును అనుమానించాలి. గడప దగ్గర మొదలై రోజురోజుకూ గదిలోకి పాకుతూ, పైన తుడిచి ఎండబెట్టినా ఆగకపోతే నీరు గడప కిందుగా వస్తోంది. ముక్కుకు ముగ్గిన వాసన తగిలితే ఫోమ్ కింద నీరు నిలిచి చాలా రోజులైందని తెలుసుకోవాలి.

పిన్ని వాళ్ల నేల అర్ధవృత్తంలానూ ఉంది, పాకుతూనూ ఉంది.

మియాపూర్ గదిలో తేలిన లెక్క

ఆ ఫ్లాట్ కట్టినప్పుడు పడకగదిలో తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ వేశారు. బాత్‌రూమ్ గుమ్మంలో గ్రానైట్ పట్టీ గడప. నాలుగేళ్ల కిందట టైల్స్ తవ్వకుండా, వాటి మీదే 2 మిల్లీమీటర్ల ఫోమ్, 8 మిల్లీమీటర్ల లామినేట్ పరిచారు. తవ్వే ఖర్చు, దుమ్ము రెండూ తప్పాయి. అందరూ చేసే పనే అది, తప్పు కాదు. కానీ స్కేలు పెట్టి కొలిచేసరికి సంగతి బయటపడింది. గ్రానైట్ గడప పాత టైల్ కంటే 12 మిల్లీమీటర్లు, అంటే సుమారు అరంగుళం ఎత్తులో ఉంది. పైన కొత్త నేల 10 మిల్లీమీటర్లు పెరిగింది. గడప ఎత్తు 2 మిల్లీమీటర్లకు పడిపోయింది. బాత్‌రూమ్‌లో నీళ్లు ఆపే కట్ట అంతవరకు అరంగుళం ఉండేది, ఆ రోజు నుంచి లేకుండా పోయింది.

లామినేట్ పుట్టిన దేశాల్లో స్నానం గాజు తలుపు వెనకో తొట్టిలోనో జరుగుతుంది, మిగతా బాత్‌రూమ్ నేల పొడిగా ఉంటుంది. మనకు బకెట్టూ మగ్గూ. స్నానమయ్యాక నేలంతా కడుగుతాం. తడికాళ్లతో బయటికొస్తాం. కాళ్లు తుడుచుకోవడానికి గుమ్మం ముందు పట్టా వేస్తాం. పిన్ని వేసింది అడుగున రబ్బరున్న పట్టా. పట్టా పైభాగం మధ్యాహ్నానికి ఆరిపోతుంది. రబ్బరు కింద చేరిన నీరు మాత్రం ఆవిరయ్యే దారి లేక పొద్దస్తమానం అతుకులలోకి ఇంకుతూ ఉంటుంది. ఆ పట్టా ఎత్తి చూస్తే దాని ఆకారంలోనే నేల మసకబారి ఉంది. అర్ధవృత్తం మచ్చకు కారణం అదే.

పాకే తడి సంగతి తేల్చడానికి పలకలు ఎత్తక తప్పలేదు. దీనికో పద్ధతి ఉంది. గడపకు దగ్గరున్న గోడ వైపు స్కర్టింగ్ తీసి, చివరి వరుస నుంచి ఒక్కో వరుసా విప్పుకుంటూ రావాలి. విప్పిన పలక వెనక పెన్సిల్‌తో అంకె వేయాలి, తిరిగి పెట్టేటప్పుడు వరుస తప్పకుండా. మేం ఐదు వరుసలు విప్పాం. ఫోమ్ కింద పాత తెల్ల టైల్ మీద నీటిబొట్లు, టైల్స్ నడుమ గ్రౌట్ నల్లగా తడిసి ఉంది. తడిసిన ఫోమ్ తీసి పారేశాం. దాన్ని ఆరబెట్టి మళ్లీ వాడొద్దు, బూజు వాసన వదలదు.

తర్వాతి ప్రశ్న, ఈ నీరు పైపు నుంచా, నేల మీది నుంచా? బాత్‌రూమ్ నీళ్ల లైను తెరిచే ఉంచి, ఐదు రోజులు ఎవరూ అందులో స్నానం చేయలేదు, రెండో బాత్‌రూమ్ వాడుకున్నారు. గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ఐదో రోజుకి గ్రౌట్ రంగు తేలిపోయింది. పైపు పగిలి ఉంటే వాడినా మానినా నీరు ఊరుతూనే ఉండాలి కదా. ఆరడం మొదలైందంటే లైను బాగున్నట్టే, వాడిన నీరే ఎక్కడో దారి చేసుకుంటోంది.

ఆరో రోజు సాయంత్రం నీళ్లు నిలబెట్టే పరీక్ష పెట్టాం. కింది అంతస్తు వాళ్లకు ముందే చెప్పి ఉంచాం, వాళ్ల సీలింగ్ మీద చెమ్మ కనిపిస్తే వెంటనే కబురు చేయమని. నహానీ ట్రాప్‌లో పాత గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ సంచి దూర్చి బిగించి, గడప పైఅంచుకు కొంచెం కింద వరకు నీళ్లు నింపి, గోడ టైల్ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీశాం. గడప మీదుగా ఒక్క చుక్క దాటలేదు. తెల్లవారి చూస్తే గీత కంటే మట్టం తగ్గింది. పడకగదిలో, గడపకు ఇవతలి మొదటి టైల్ చుట్టూ గ్రౌట్ నల్లబడింది. నీరు గడప అడుగు నుంచి వచ్చింది. కింది ఇంటి సీలింగ్ పొడిగానే ఉంది.

మేస్త్రీ వచ్చి గ్రానైట్ పట్టీ లేపాడు. దాని కింద సిమెంటు నిండుగా లేదు, అక్కడక్కడా ముద్దలు పెట్టి పట్టీ అతికించారు. ముద్దల నడుమ ఖాళీ సొరంగాలు. బాత్‌రూమ్ నేలకు కట్టినప్పుడు పూసిన వాటర్‌ప్రూఫింగ్ గడప దాకా రాకుండా లోపలే ఆగిపోయింది. "సార్, టైల్స్ మీద తుడిచిన నీళ్లే కాదు, టైల్స్ కిందికి దిగిన నీళ్లు కూడా ఉంటాయి. పైన వాలు ట్రాప్ వైపు ఉంటది. కింద పోసిన మాల్‌లో నీళ్లకు ఆ వాలు లేదు, ఎటు ఖాళీ దొరికితే అటే పోతయి," అన్నాడు. ఈ ఇంటి జబ్బంతా ఆ రెండు మాటల్లో ఉంది. బాత్‌రూమ్‌లో టైల్స్ నడుమ వైట్ సిమెంట్ ఏళ్ల తరబడి అరిగి, సన్నని చీలికలు పడతాయి. రోజూ కొంచెం కొంచెం నీరు కిందికి దిగి, టైల్స్ కింది మాల్‌ను తడిపి, గడప సొరంగాల గుండా పడకగది టైల్స్ కిందికి చేరి, అక్కడి గ్రౌట్ గుండా పైకి ఊరుతుంది. పైకి ఊరిన తడిని ఫోమ్ ఆపి పట్టుకుంటుంది. లామినేట్ దాని మీద మూతలా కూర్చుంటుంది.

కార్పెంటర్ మార్చిన మూడు పలకలు నెలన్నరలో ఎందుకు ఉబ్బాయో ఇప్పుడు తేలికగా అర్థమవుతుంది. పైగా అతను తడి రాకూడదని పలకల చుట్టూ చట్రం దాకా సిలికాన్ కుక్కాడు. ఉద్దేశం మంచిదే. కింది నుంచి వచ్చే తడికి బయటపడే ఆ కొద్ది సందు కూడా మూసుకుపోయింది.

మేస్త్రీ గుమ్మం వైపు మొదటి వరుస బాత్‌రూమ్ టైల్స్ తీసి, కింద శుభ్రం చేసి, గడప పట్టీ కూర్చునే చోటుతో సహా వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండుసార్లు పూశాడు. రెండో పూత మొదటిది ఆరాకే, దానికి అడ్డంగా. పక్కల గోడ మీదికి ఆరంగుళాలు ఎక్కించాడు. గడప పట్టీని ఈసారి నిండు మాల్ మీద, పాతదానికంటే అరంగుళం ఎత్తున కూర్చోబెట్టాడు. బాత్‌రూమ్ నేలంతా పాత గ్రౌట్ గీకేసి ఎపాక్సీ గ్రౌట్ నింపాడు. పూత ఆరాక మళ్లీ నీళ్లు నిలబెట్టాం, ఈసారి 48 గంటలు. మట్టం గీత మీదే ఉంది, ఇవతల గ్రౌట్ పొడిగా ఉంది.

ఇక్కడ చాలామంది మరో తప్పు చేస్తారు. నీటి దారి మూసుకుంది కదా అని మర్నాడే పలకలు పరిచేస్తారు. టైల్స్ కింద చేరిన తడి ఎక్కడికీ పోలేదు, ఇంకా అక్కడే ఉంది. మేం మూడు వారాలు నేల తెరిచే ఉంచాం. తర్వాత మందమైన పాలిథిన్ షీట్ ఒక గజం ముక్క తీసుకుని, కనీసం ఒక గ్రౌట్ గీత దాని కిందికి వచ్చేలా పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించాం. 24 గంటల తర్వాత షీట్ లోపలివైపు చెమ్మ గానీ, కింద గ్రౌట్ రంగు మారడం గానీ లేదు. ఆ రోజు గానీ పలకల మాట ఎత్తలేదు.

చేతితో అయ్యేవి, కానివి

పైనుంచి నీళ్లు చిందినప్పుడు చేయాల్సిందల్లా వెంటనే తుడవడం, ఫ్యాన్ వేయడం. ఒకటి రెండు అంచులు కాస్త లేస్తే వాటిని అలాగే వదిలేయొచ్చు, బరువులు పెట్టి నొక్కి ప్రయోజనం లేదు. పొడి నేలలో అతుకు కిర్రుమంటే సన్నటి టాల్కం పౌడర్ అతుకులో జల్లి, మెత్తని బ్రష్‌తో లోపలికి తోసి, మిగిలింది తుడిచేస్తే కొన్నాళ్లు ఊరుకుంటుంది. కింద పల్లం ఉన్న చోట ఆ పౌడర్ నెల తిరగకుండానే ఓడిపోతుంది, అక్కడ పలకలు ఎత్తి నేల సమం చేయించాల్సిందే. కొబ్బరినూనె, యంత్రాల నూనె వద్దు. నూనె దుమ్మును పట్టుకుని అతుకును నల్లగా చేస్తుంది, జారుతుంది కూడా. చప్పుడాగాలని తేలే నేల మీద మేకు కొట్టడం, స్క్రూ బిగించడం అన్నిటికంటే పెద్ద తప్పు. చాపను ఒక చోట పిన్ను గుచ్చి పట్టుకున్నట్టు అవుతుంది, కదలాల్సిన నేల మరోచోట లేస్తుంది.

ఉబ్బిన పలక మార్చడం ఓపికున్నవాళ్లు ఇంట్లో చేయగలిగిన పనే, అది గోడకు దగ్గరగా ఉంటే. గది నడుమ ఉంటే పలక మందం వరకే దిగేలా రంపం సర్ది, లోపల పెట్టె ఆకారంలో కోసి తీసి, కొత్త పలక కింది పెదవి చెక్కేసి, జిగురుతో కూర్చోబెట్టి, ఒక రోజంతా బరువు పెట్టాలి. చెయ్యి తిరగని వాళ్లు పక్క పలకలు కూడా పాడుచేసుకుంటారు. ఇంకో చిక్కుంది. అదే రంగు, అదే క్లిక్ గాడి ఉన్న పలక నాలుగేళ్ల తర్వాత దొరకడం కష్టం. నేల వేయించిన రోజే ఒక పెట్టె మిగిల్చి అటక మీద పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు.

గోడలో పైపు, గడప కింద దారి, నహానీ ట్రాప్ చుట్టూ చీలిక, ఇవి కార్పెంటర్ పనులు కావు, మన పనులూ కావు. ప్లంబర్, మేస్త్రీ రావాలి. కింది ఇంటి సీలింగ్ కూడా తడుస్తుంటే అది ఒక్క ఇంటి విషయం కాదు, అపార్ట్‌మెంట్ సంఘానికి చెప్పాలి. అమెరికాలో డాలస్, న్యూజెర్సీ ఇళ్లలో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ నేల కిందా చెక్కే ఉంటుంది, దూలాల మీద ప్లైవుడ్. మామూలు కిర్రు చాలాసార్లు ప్లైవుడ్ మేకు వదులై రాసుకోవడం వల్ల వస్తుంది, దాన్ని స్క్రూతో బిగించొచ్చు. కానీ టాయిలెట్ చుట్టూ నేల కాలి కింద మెత్తగా దిగుతుంటే, కమోడ్ కింది మైనపు రింగు కారి ప్లైవుడ్ కుళ్లుతోందేమో చూపించుకోవాలి. అక్కడ పై పలక మార్చి ఊరుకోవడం ప్రమాదం.

"వాటర్‌ప్రూఫ్ లామినేట్" అని అమ్మే పలకల గురించి కూడా అడగండి. ఆ హామీ సాధారణంగా పైన పడ్డ నీటికి, అదీ కొన్ని గంటల లెక్కకు. కింది నుంచి ఊరే తడికి అది వర్తించదు. రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే ఎస్‌పీసీ పలకలు తాముగా ఉబ్బవు, నిజమే. అయితే గడప కింది దారి మూయకుండా వాటిని పరిచినా, నీరు వాటి కింద నిలిచి వాసన కొడుతూనే ఉంటుంది.

పిన్ని వాళ్ల గదిలో చివరికి మేం కొత్త పలకలు వేయలేదు. గడప నుంచి రెండు అడుగుల దూరంలో లామినేట్‌ను నేరుగా ఒక గీతలో కోయించాం. కింద పాత తెల్ల టైల్ బాగానే ఉంది కదా, దాన్ని అలాగే పైకి కనిపించనిచ్చాం. కోసిన అంచు దగ్గర నేల కదలడానికి 10 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, అందులో మెత్తటి ఫోమ్ తాడు దూర్చి, పైన సిలికాన్ గీత, దాని మీద వాలుగా ఉండే అల్యూమినియం పట్టీ వేయించాం. వాలు పట్టీ ఎందుకంటే, చెక్కకూ టైల్‌కూ నడుమ మిగిలే 10 మిల్లీమీటర్ల మెట్టు రాత్రిపూట బాబాయి కాలికి తగలకూడదు. కాళ్ల పట్టా ఇప్పుడు టైల్ మీద ఉంటుంది, అదీ రబ్బరు లేని నూలు పట్టా. పిన్నికి మొదట నచ్చలేదు. "చెక్క మధ్యలో ఈ తెల్ల గీతేంట్రా," అంది. వానాకాలం గడిచింది. కిర్రు లేదు, అంచు లేవలేదు. ఆ తెల్ల టైల్ మీద రోజూ నీళ్లు పడుతూనే ఉన్నాయి, తుడిస్తే పోతున్నాయి.

కొత్తగా చెక్క నేల వేయించుకునే వాళ్లకు నేను చెప్పేది ఇదే. పలకల రంగు ఎంచుకునే ముందు బాత్‌రూమ్ గడప ఎత్తు స్కేలుతో కొలవండి. ఫోమ్, పలక కలిపి వచ్చే మందం అందులోంచి తీసేయండి. అరంగుళం మిగలకపోతే గడప ఎత్తించండి, లేదా గుమ్మం ముందు రెండు అడుగులు టైల్‌గానే ఉండనివ్వండి.